అప్‌స్కేలర్ చూపించే డీటెయిల్‌లో ఫోటోలో ఉన్నదేది, కల్పించిందేది: పరీక్షించి తేల్చుకునే పద్ధతి

చిన్న ఫోటోని నాలుగు రెట్లు పెద్దది చేసే న్యూరల్ అప్‌స్కేలర్లు ఇప్పుడు ఎవరైనా వాడుకోవచ్చు. ఫలితం చూడగానే బాగుంటుంది. ఆకులు విడివిడిగా కనిపిస్తాయి, గోడ గరుకుదనం తెలుస్తుంది, అంచులు పదునుగా వస్తాయి. జూమ్ చేసి చూస్తే మాత్రం కథ వేరు. వెనక బ్యానర్ మీద అక్షరాలు అక్షరాల్లాగే ఉంటాయి కానీ చదవడానికి ఏమీ రాదు, చివరి వరుసలో మనిషి ముఖం ఎంతో స్పష్టంగా ఉంటుంది కానీ అది ఆ మనిషి ముఖం కాదు, కిటికీ ఊచలు సగం దూరం నిలువుగా వచ్చి అక్కడి నుంచి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

నిజానికి చెడిపోయినట్టు కంటికి కనిపించేదానితో పెద్ద ప్రమాదం లేదు, దాన్ని ఎవరూ నమ్మరు కాబట్టి. శుభ్రంగా, నమ్మేలా వచ్చి, అసలు ఫోటోలో లేనిదాన్ని చూపించే భాగం ఒకటి ఉంటుంది. పాత ఫోటోలో తేదీ చదవాలన్నా, మనిషిని గుర్తుపట్టాలన్నా మనల్ని తప్పుదోవ పట్టించేది అదే. దాన్ని ఎలా పట్టుకోవాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఒకే ఉదాహరణ పట్టుకుని వెళ్దాం. 640×480 సైజులో ఒక గ్రూప్ ఫోటో ఉందనుకోండి. ముందు కూర్చున్నవాళ్ల ముఖాలు సుమారు 50 పిక్సెళ్ల వెడల్పు ఉన్నాయి. దూరంగా మెట్ల మీద నిలబడ్డవాళ్లవి 20 పిక్సెళ్లే. పైన బ్యానర్ ఉంది, దాని మీద పెద్ద అక్షరాలు 24 పిక్సెళ్ల ఎత్తు, వాటి కింద తేదీ ఉన్న చిన్న లైను 6 పిక్సెళ్ల ఎత్తు. వెనక భవనం కిటికీకి ఇనుప ఊచలు. దీన్ని నాలుగు రెట్లు చేస్తే 2560×1920 అవుతుంది.

ముందు కారణం: 16 పిక్సెళ్లలో 15 ఎక్కడి నుంచి వస్తున్నాయి

నాలుగు రెట్లు అంటే వెడల్పులో నాలుగు, ఎత్తులో నాలుగు, కాబట్టి ఒక్కో పాత పిక్సెల్ స్థానంలో 16 కొత్త పిక్సెళ్లు రావాలి. పాత పిక్సెల్ అంటే తన గడిలో పడిన వెలుగు మొత్తానికి సగటు, అంతే. దాని విలువ 120 అనుకోండి. 16 కొత్త పిక్సెళ్లూ 120 అయితే సగటు 120. సగం గడి పూర్తి నలుపు 0, మిగతా సగం 240 అయినా సగటు 120. చదరంగం బల్లలాగా 0, 240 మార్చి మార్చి పెట్టినా 120. ఒకటి సాదా గోడ, ఒకటి ఏదో వస్తువు అంచు, ఒకటి గళ్ల బట్ట. మూడూ కుదించాక ఒకేలా కనిపిస్తాయి. పక్క పిక్సెళ్లని చూస్తే కొన్ని అవకాశాలు తగ్గుతాయి, అయినా ఇంకా లెక్కలేనన్ని మిగులుతాయి. వాటిలో ఏది నిజమో చెప్పే ఆధారం ఆ చిన్న ఫైల్‌లో లేదు.

మరి నెట్‌వర్క్ ఎలా ఎంచుకుంటుంది? ట్రైనింగ్‌లో తను చూసిన ఫోటోలని బట్టి. పదునైన పెద్ద ఫోటోలు తీసుకుని, వాటిని కుదించి, కుదించిన దాని నుంచి మళ్లీ పెద్దది తీయమని నేర్పిస్తారు. 2017లో వచ్చి ఈ రంగంలో బాగా వాడుకలోకి వచ్చిన డీఐవీ2కే సెట్‌లో ట్రైనింగ్ కోసం 800 ఫోటోలు ఉంటాయి. నెట్‌వర్క్ గీసినదాన్ని అసలు ఫోటోతో పిక్సెల్‌కి పిక్సెల్ పోల్చి మార్కులు వేస్తే, అది భద్రమైన దారి ఎంచుకుంటుంది. అంటే అన్ని అవకాశాల సగటు గీస్తుంది, అది మసగ్గా ఉంటుంది. 2014 నాటి ఎస్ఆర్‌సీఎన్ఎన్ ఈ రకమే. ఆ మసక పోగొట్టడానికి 2017 నాటి ఎస్ఆర్‌గాన్, 2018 నాటి ఈఎస్ఆర్‌గాన్, 2021 నాటి రియల్-ఈఎస్ఆర్‌గాన్ లాంటివి రెండో నెట్‌వర్క్‌ని జత చేశాయి. ఇది నిజమైన ఫోటోలా ఉందా లేదా అని తీర్పు చెప్పడమే దాని పని. మసక ఉంటే అది వెంటనే పట్టేస్తుంది. అందుకని మొదటి నెట్‌వర్క్ సగటు వదిలేసి, ఏదో ఒక అవకాశాన్ని గట్టిగా ఎంచుకుని గీయడం నేర్చుకుంటుంది. ఒక హద్దు దాటాక, సహజంగా కనిపించడం, అసలుకి దగ్గరగా ఉండడం రెండూ కలిసి మెరుగుపడవని 2018లో యోచాయ్ బ్లావ్, తోమర్ మిఖాయెలి గణితంతో చూపించారు. కాబట్టి ఇది ఏ ఒక్క సాఫ్ట్‌వేర్ లోపమో కాదు, వచ్చే ఏడాది వెర్షన్‌తో పోయేదీ కాదు.

గడ్డి విషయంలో ఈ ఊహ ఎవరికీ ఇబ్బంది పెట్టదు. ఏ పరక ఎటు వంగిందో ఎవరికీ తెలియదు, గడ్డిలా ఉంటే చాలు. అక్షరం, ముఖం, వరస తప్పని డిజైన్ అలా కావు. లక్ష అవకాశాల్లో ఒక్కటే సరైనది, పైగా దాని రూలు చూసే మనిషికి ముందే తెలుసు. అప్‌స్కేలర్ అన్నిచోట్లా ఒకే రకంగా ఊహిస్తోంది, మనకి తప్పు తెలిసేది మాత్రం ఈ మూడు చోట్లే. అంటే గోడ మీద, చెట్టు మీద కనిపిస్తున్న డీటెయిల్ కూడా అంతే ఊహ అని గుర్తుంచుకోవాలి.

అక్షరాలు ఎందుకు పాడవుతాయి

సాధారణ అప్‌స్కేలర్‌కి అక్షరం అంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసింది నల్లటి గీత, వంపు, మూల, అంచు. 6 పిక్సెళ్ల ఎత్తున్న అంకెలో గీత మందం ఒక పిక్సెల్ కూడా ఉండకపోవచ్చు. 3కీ 8కీ తేడా ఎడమవైపు ఖాళీ, 5కీ 6కీ తేడా కింది ఖాళీ మూసుకుపోవడం. ఆ సైజులో ఈ తేడా అంతా ఒకటి రెండు పిక్సెళ్ల బూడిద రంగులో ఉంటుంది, దాని మీద మళ్లీ జేపెగ్ చేసిన గందరగోళం ఉంటుంది. నెట్‌వర్క్ ఆ బూడిద పిక్సెల్‌ని నలుపు చేయాలో తెలుపు చేయాలో తేల్చుకోవాలి, ఏదో ఒకటి తేలుస్తుంది. తెలుగు లిపిలో ఇంకా కష్టం, ఎందుకంటే థకీ ధకీ తేడా లోపలి చుక్క ఒక్కటే, ఒత్తులూ గుణింతపు గుర్తులూ అసలు అక్షరం కంటే చిన్నవి. చిన్న సైజులో ముందుగా చచ్చిపోయేవి అవే.

ఇంకో సంగతి. ట్రైనింగ్ ఫోటోలు ఎక్కువ చేయడం కోసం వాటిని అద్దంలోలా తిప్పి కూడా చూపిస్తారు, కొన్ని మోడల్స్‌కి 90 డిగ్రీలు తిప్పి కూడా. చెట్టుకీ కొండకీ దానివల్ల నష్టం లేదు. అక్షరానికి మాత్రం తిరగబడ్డ రూపం కూడా సమానంగా సరైనదే అని నెట్‌వర్క్‌కి నేర్పించినట్టవుతుంది.

అక్షరాల కోసమే ప్రత్యేకంగా చేసిన మోడల్స్ ఉన్నాయి, లోపల అక్షరాలు గుర్తుపట్టే భాగంతో. వాటి ఫలితం చదవడానికి శుభ్రంగా ఉంటుంది. నన్నడిగితే వాటితోనే ఎక్కువ జాగ్రత్త అవసరం, ఎందుకంటే అవి తప్పు చేసినప్పుడు పిచ్చిగీతలు రావు, చక్కటి తప్పు అంకె వస్తుంది. ఇలాంటి తప్పు ఎంత దూరం వెళ్తుందో 2013లో బయటపడింది. జిరాక్స్ కంపెనీ స్కానర్లలో కొన్ని, పేజీలో 6 ఉన్నచోట 8 పెట్టేస్తున్నాయని జర్మనీకి చెందిన డేవిడ్ క్రీసెల్ కనిపెట్టారు. అది న్యూరల్ నెట్‌వర్క్ కాదు, ఒకేలా ఉన్న ముక్కల్ని ఒకటిగా దాచిపెట్టే కంప్రెషన్. ఫలితం మాత్రం అదే రకం, ఎక్కడా మసక లేకుండా తప్పు అంకె.

ముఖాలు ఎందుకు వేరేవాళ్లవి అవుతాయి

మన ఫోటోలో వెనకవాళ్ల ముఖం 20 పిక్సెళ్లు. ముఖం వెడల్పులో కన్ను సుమారు అయిదో వంతు, అంటే 4 పిక్సెళ్లు. నల్లగుడ్డు రెండు పిక్సెళ్ల లోపే. ఎటు చూస్తున్నారు, కనురెప్ప ఎంత వాలింది, పెదవి కొస ఎలా ఉంది, ఇవన్నీ ఒకటి రెండు పిక్సెళ్లలో కలిసిపోయాయి. మనిషిని గుర్తుపట్టడానికి కావలసింది సరిగ్గా ఇదే.

సాధారణ అప్‌స్కేలర్ ఇక్కడ కరిగిన మైనంలాంటి ముఖం గీస్తుంది. అది చూసి మనం ముఖాల ఆప్షన్ ఆన్ చేస్తాం, అసలు కల్పన అప్పుడు మొదలవుతుంది. జీఎఫ్‌పీగాన్ లాంటి ముఖాల మోడల్ ముందు ముఖాన్ని వెతికి, దాన్ని 512×512 చతురస్రంలోకి నిటారుగా సర్ది, ముఖాలు గీయడం నేర్చిన ఇంకో మోడల్ సాయంతో కొత్తగా గీసి, తిరిగి ఫోటోలో అతికిస్తుంది. ఆ నేర్పు వచ్చింది ఎఫ్ఎఫ్‌హెచ్‌క్యూ అనే 70,000 ముఖాల సెట్ నుంచి. ఇంటర్నెట్‌లో మనుషులు తమంతట తాము పెట్టుకున్న మంచి ఫోటోలు అవి, ఎక్కువగా కెమెరా వైపు చూస్తూ ఉన్నవి. అందుకే బాగుచేసిన ముఖాలన్నీ మన వైపే చూస్తాయి, చర్మం నునుపవుతుంది, వయసు తగ్గుతుంది.

2020లో డ్యూక్ యూనివర్సిటీ నుంచి వచ్చిన పల్స్ అనే పద్ధతి గురించి ఇక్కడ చెప్పాలి. బాగా కుదించిన ఒబామా ఫోటో ఇస్తే అది తెల్లజాతి మనిషి ముఖం ఇచ్చింది. ఆ రోజుల్లో దాని మీద చర్చంతా ట్రైనింగ్ డేటా పక్షపాతం మీద నడిచింది, అది సరైన చర్చే. మన పనికి అందులో ఇంకో పాఠం ఉంది. పల్స్ పనిచేసే తీరే ఏమిటంటే, కుదిస్తే ఇచ్చిన చిన్న ఫోటోతో సరిపోయే ముఖం కోసం వెతకడం. అంటే ఆ వేరే మనిషి ముఖాన్ని మళ్లీ కుదించి చూస్తే చిన్న ఫోటోకి దగ్గరగానే ఉంటుంది. కుదించి చూడడం అనే పరీక్ష గురించి కింద రాశాను, దానికి ఉన్న హద్దు ఇదే.

ఊచలు, గళ్లు, ఇటుకలు

ఇక్కడ రెండు వేర్వేరు తప్పులు కలగలిసి ఉంటాయి, విడదీసి చూడాలి.

మొదటిది అప్‌స్కేలర్ దాకా రాకముందే జరిగిపోతుంది. ఊచ, ఖాళీ కలిపి ఒక జత కనపడాలంటే కనీసం రెండు పిక్సెళ్లు కావాలి. మన ఫోటో ఏదో పెద్ద ఫోటోని సరిగ్గా సగటు తీయకుండా, నాలుగింట ఒక పిక్సెల్ ఏరి కుదించింది అనుకోండి. పెద్ద ఫోటోలో ప్రతి 5 పిక్సెళ్లకీ ఒక ఊచ ఉంది. కుదించాక ఒక జతకి 1.25 పిక్సెళ్లే దక్కాలి, అంత సన్నం చూపించడం సాధ్యం కాదు. కానీ అది మాయమైపోదు, వేరే వేషంలో వస్తుంది. లెక్క కడితే ప్రతి 5 చిన్న పిక్సెళ్లకీ ఒక లావు ఊచలా కనిపిస్తుంది. చిన్న ఫోటోలో 50 పిక్సెళ్ల వెడల్పున్న ఆ కిటికీకి నిజంగా ఉన్నవి 40 ఊచలు, ఫోటోలో కనిపించేవి 10. ఊచలు కొద్దిగా ఏటవాలుగా ఉంటే ఇంకా ఘోరం, వాలు ఎదురు దిక్కుకి మారిపోవచ్చు. సరిగ్గా సగటు తీసి కుదిస్తే ఈ దొంగ ఊచలు బాగా పలచబడతాయి కానీ పూర్తిగా పోకపోవచ్చు. అప్‌స్కేలర్ ఆ పలచటి నీడని చూసి, ఇవి ఊచలన్నమాట అనుకుని, 10 ఊచల్ని అంచులు తీర్చిదిద్ది ఇస్తుంది.

రెండోది అప్‌స్కేలర్ సొంత తప్పు. నెట్‌వర్క్ ఒకచోట నిర్ణయం తీసుకునేటప్పుడు చుట్టూ ఉన్న కొంత భాగాన్నే చూస్తుంది. కిటికీ ఎడమ మూల ఊచలు నిలువు అని తేల్చి, మధ్యలో జేపెగ్ మరక దగ్గర ఏటవాలు అని తేల్చితే, రెండూ కలిసేచోట ఊచ చీలుతుంది, లేదా రెండు ఊచలు ఒకటవుతాయి. ఊచలన్నీ ఒకే దూరంలో ఉండాలి అన్న రూలు దానికెవరూ చెప్పలేదు.

పరీక్ష, మెట్టు మెట్టుగా

నేను రియల్-ఈఎస్ఆర్‌గాన్ పైథాన్ వెర్షన్, ఇమేజ్‌మ్యాజిక్ 7 కమాండ్లు ఇస్తున్నాను. మీ దగ్గర వేరే అప్‌స్కేలర్ ఉన్నా పద్ధతి ఇదే, మధ్యలో ఆ కమాండ్ మార్చుకుంటే చాలు.

1వ మెట్టు. దొరికినంతలో అసలుకి దగ్గరి ఫైల్ సంపాదించండి. మెసేజుల్లో చేతులు మారిన కాపీ, స్క్రీన్‌షాట్ పనికిరావు, ఒక్కో చోట ఒక్కో కంప్రెషన్ పడి ఉంటుంది. తర్వాత ఫోటోని 800 శాతం జూమ్‌లో, పిక్సెళ్లు గళ్లలాగా కనిపించేలా చూసి, అక్షరం ఎత్తు, ముఖం వెడల్పు, ఊచల మధ్య దూరం పిక్సెళ్లలో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. ఇది చేయకుండా పెద్ద ఫోటో చూడకండి. ఒకసారి శుభ్రమైన ముఖం చూశాక మన కన్ను చిన్న ఫోటోలో కూడా అదే చూడడం మొదలుపెడుతుంది. నా అనుభవంలో 8 పిక్సెళ్ల ఎత్తు లోపు అంకెలనీ, 30 పిక్సెళ్ల వెడల్పు లోపు ముఖాలనీ మొదటి నుంచే అనుమానంతో చూడడం మంచిది.

2వ మెట్టు. ఏమీ కల్పించని పెద్ద ఫోటో ఒకటి తయారు చేసుకోండి. లాంక్‌జోస్ అనేది మామూలు గణిత సూత్రం, దేని నుంచీ నేర్చుకున్నది కాదు. మసగ్గా ఉంటుంది, అంచుల పక్కన సన్నటి నీడ పడొచ్చు, కానీ లేని ముక్కుని పెట్టదు.

```
magick input.jpg original.png
magick original.png -filter Lanczos -resize 400% lanczos.png
```

3వ మెట్టు. ఒకే కుటుంబంలో రెండు మోడల్స్‌తో పెద్దది చేయండి. రియల్-ఈఎస్ఆర్‌నెట్ కట్టడం రియల్-ఈఎస్ఆర్‌గాన్‌దే, కాకపోతే ఆ తీర్పు చెప్పే రెండో నెట్‌వర్క్ లేకుండా, పిక్సెల్ పోలికతోనే నేర్చుకుంది. రియల్-ఈఎస్ఆర్‌నెట్ ఫలితంలో మసగ్గా ఉండి రియల్-ఈఎస్ఆర్‌గాన్ ఫలితంలో మాత్రమే పదునుగా ఉన్న డీటెయిల్ కనిపిస్తే, అది ఎంచుకుని గీసిందన్నమాట.

```
python inference_realesrgan.py -n RealESRGAN_x4plus -i original.png -o gan
python inference_realesrgan.py -n RealESRNet_x4plus -i original.png -o net
```

ముఖాల ఆప్షన్ ఇప్పుడు పెట్టకండి. కావాలంటే `--face_enhance` తో విడిగా ఇంకోసారి నడిపి వేరే ఫోల్డర్‌లో ఉంచండి.

4వ మెట్టు. అద్దం పరీక్ష. నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేది ఇదే. ఫోటోని కుడి ఎడమలు తిప్పి, పెద్దది చేసి, మళ్లీ వెనక్కి తిప్పండి. తిప్పడం వల్ల ఫోటోలోని సమాచారం ఒక్క పిక్సెల్ కూడా మారదు. కాబట్టి రెండు ఫలితాల మధ్య తేడా ఉందంటే అది ఫోటో నుంచి వచ్చింది కాదు, పూర్తిగా మోడల్ ఊహ నుంచి వచ్చింది.

```
magick original.png -flop flop.png
python inference_realesrgan.py -n RealESRGAN_x4plus -i flop.png -o gan
magick gan/flop_out.png -flop unflop.png
magick gan/original_out.png unflop.png -compose difference -composite -evaluate multiply 4 flopdiff.png
```

flopdiff.png లో వెలిగిన చోట్లు అనుమానించాల్సినవి. అంచుల వెంట సన్నటి గీతలు వెలిగితే పట్టించుకోవక్కర్లేదు, అక్షరాల లోపల, కళ్ల దగ్గర, ఊచల మధ్య మచ్చలుగా వెలిగితే చూడాలి. ఫోటోని ఒక పిక్సెల్ పక్కకి జరిపి ఇదే పరీక్ష చేయమని కొందరు చెప్తారు. ఫోటో అంతటా ఒకే లెక్కని జరుపుకుంటూ పోయే ఈ తరహా కన్వల్యూషన్ మోడల్స్‌లో అది పనిచేయదు. పూర్తి పిక్సెల్ జరిపితే ఫలితం కూడా అలాగే జరుగుతుంది, ఫోటో అంచుల దగ్గర తప్ప తేడా రాదు, మనం అంతా బాగుందని పొరబడతాం. డిఫ్యూజన్ రకం, అంటే నాయిస్ నుంచి మొదలుపెట్టి మెల్లగా ఫోటో గీసే అప్‌స్కేలర్ అయితే పని ఇంకా తేలిక. సీడ్, అంటే ఆ మొదటి నాయిస్‌ని నిర్ణయించే సంఖ్య, మార్చి నాలుగైదు సార్లు నడపండి. ప్రతిసారీ మారుతున్నదంతా కల్పనే.

5వ మెట్టు. పెద్దదాన్ని మళ్లీ నాలుగో వంతుకి కుదించి అసలు ఫోటోతో పోల్చండి.

```
magick gan/original_out.png -filter Box -resize 25% back.png
magick original.png back.png -compose difference -composite -evaluate multiply 8 backdiff.png
```

ఇక్కడ తేడా పూర్తిగా సున్నా రాదు, జేపెగ్ మరకల్ని మోడల్ తుడిచేస్తుంది కాబట్టి. ఫోటో అంతా ఒకేలా పలచగా గింజలు గింజలుగా ఉంటే మామూలే. అందులో కన్ను ఆకారమో, అక్షరం ఆకారమో కనిపిస్తే మాత్రం అప్‌స్కేలర్ అసలు ఫోటోకి ఎదురు చెప్పిందని అర్థం, ఆ భాగం తప్పు అని తేల్చేయొచ్చు. తేడాని పెంచడానికి `-auto-level` వాడకండి, అది ఎంత చిన్న తేడానైనా పూర్తి తెలుపు దాకా సాగదీసి అనవసరంగా టెన్షన్ పెడుతుంది. అలాగే ఈ పరీక్షలో పాసైతే నిజమని కాదు. పల్స్ ముఖం, 10 ఊచల కిటికీ రెండూ దీనిలో పాసవుతాయి.

6వ మెట్టు. జవాబు ముందే తెలిసిన ఫోటోతో అదే పని చేయండి. పదునైన ఫోటో ఒకటి తీసుకుని, అందులో అక్షరాలు మన బ్యానర్‌లాగే 6 పిక్సెళ్లకి వచ్చేలా కుదించి, జేపెగ్ చేసి, అదే మోడల్‌తో పెద్దది చేసి, అసలుతో పక్కపక్కన పెట్టండి.

```
magick known.png -filter Box -resize 25% -quality 75 known_small.jpg
```

25 శాతం బదులు మీకు కావలసిన సైజు వచ్చే శాతం పెట్టుకోండి. ఈ సైజులో 3, 8, 5, 6, 9 లలో ఎన్ని బతికి బయటపడుతున్నాయో కళ్లారా చూస్తారు. ముఖాలకీ ఇంతే, మీకు బాగా తెలిసిన మనిషి ఫోటోని 20 పిక్సెళ్లకి దించి చూడండి. చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. మిగతా మెట్లన్నీ ఎక్కడ అనుమానించాలో చెప్తాయి, ఆ సైజులో ఈ మోడల్‌ని ఎంతవరకు నమ్మొచ్చో చెప్పేది ఇదొక్కటే.

మన గ్రూప్ ఫోటోలో చదివి చూద్దాం

బ్యానర్ మీద పెద్ద అక్షరాలు లాంక్‌జోస్‌లో మసగ్గానైనా చదవగలుగుతాం, రెండు మోడల్స్‌లోనూ అవే అక్షరాలు, అద్దం పరీక్షలో అంచులు మాత్రమే వెలిగాయి. వాటిని నమ్మొచ్చు. అక్షరం ఏదో నమ్మొచ్చు అంటున్నాను, ఆ పదునైన ఫాంట్ ఆకారాన్ని కాదు. అంచుల పదును మోడల్ పెట్టిందే.

చిన్న లైనులో తేదీ. రియల్-ఈఎస్ఆర్‌గాన్‌లో 1998 లా ఉంది. రియల్-ఈఎస్ఆర్‌నెట్‌లో మొదటి రెండు అంకెలు వస్తున్నాయి, చివరిది ఒక ముద్ద. అద్దం పరీక్ష నుంచి వచ్చినదానిలో చివరి అంకె 3 లా ఉంది. కుదించి చూస్తే రెండూ అసలుతో సరిపోతున్నాయి. ఇక్కడ ఆగిపోవాలి. ఇంకొన్ని మోడల్స్ నడిపి 8కి ఎన్ని ఓట్లు, 3కి ఎన్ని అని లెక్క వేయకూడదు, ఎందుకంటే ఓటు వేస్తున్నవాళ్లంతా ఒకే ఫోటోల మీద చదువుకున్నవాళ్లు. రాయాల్సింది ఇలా: మొదటి రెండు అంకెలు 19, మూడోది బహుశా 9, చివరిది 3 లేదా 8, తేల్చలేం.

వెనకవాళ్ల ముఖాలు. ముఖాల ఆప్షన్ లేకుండా వచ్చినదానిలో కళ్ల చోట నల్లటి మచ్చలు. ఆప్షన్ పెడితే స్పష్టమైన కళ్లు, రెండింటిలోనూ ఒకే చోట మెరుపు చుక్క, పళ్ల వరస. పక్కనే చెవి, మెడ, జుట్టు కొసలు మాత్రం మసగ్గానే ఉన్నాయి. ఒక్క లెన్స్ తీసిన ఫోటోలో అంగుళం దూరంలో ఇంత తేడా రాదు, ముఖం మీద చతురస్రం అతికించారనడానికి ఇది తేలికైన గుర్తు. కళ్లజోడు ఒకవైపు ఫ్రేమ్ ఉండి ఇంకోవైపు కరిగిపోవడం, చెవి రింగులు రెండూ రెండు రకాలుగా ఉండడం, పక్కపక్క మనుషులు అన్నదమ్ముల్లా కనిపించడం కూడా చూడండి. ఈ ముఖాల్లో నమ్మదగింది తల ఆకారం, జుట్టు ముదురా తెలుపా, ముఖం ఎటు తిరిగి ఉంది, అంతే. కోడ్‌ఫార్మర్ అనే ముఖాల మోడల్ వాడేవాళ్లు `-w` విలువని 0 నుంచి 1 దాకా మార్చి చూడండి. 1 వైపు వెళ్తే అసలుకి దగ్గరవుతుంది, 0 వైపు వెళ్తే అందమవుతుంది. ఆ మధ్యలో మనిషి మారిపోతున్నట్టు అనిపిస్తే ఆ మనిషి ఫోటోలో లేనట్టే.

ముందు వరుసలో 50 పిక్సెళ్ల ముఖాలు మధ్యరకం. మనిషి ఎవరో లాంక్‌జోస్‌లోనే తెలుస్తుంది. కనురెప్పల వెంట్రుకలు, చర్మం మీద గీతలు, పుట్టుమచ్చలు మాత్రం కల్పన కావచ్చు. ఉన్న పుట్టుమచ్చని మరక అనుకుని తుడిచేయడం కూడా జరుగుతుంది, అది కూడా చూసుకోండి. లేనిది చేర్చినప్పుడు కంటికి ఆనుతుంది, ఉన్నది తీసేస్తే మనం గమనించం.

కిటికీ. ఎడమ సగంలో అద్దం పరీక్ష బాగానే ఉంది, కుడి సగంలో ఊచలు చీలినచోట వెలిగింది. అక్కడ తప్పు ఖాయం. ఎడమ సగం మాత్రం సరైనదా? పరీక్షలేవీ చెప్పలేవు, ఎందుకంటే దొంగ ఊచలు చిన్న ఫోటోలోనే ఉన్నాయి. ఇక్కడ ఫోటో బయట ఆధారం కావాలి. అదే భవనం దగ్గర నుంచి తీసిన ఇంకో ఫోటోలో ఊచలు లెక్కపెట్టడం, లేదా అదే ఫోటోలో కెమెరాకి దగ్గరగా ఉన్న అలాంటి కిటికీలో లెక్కపెట్టి పోల్చడం. దగ్గరి కిటికీలో 40, దూరపు కిటికీలో 10 వస్తే సంగతి తెలిసినట్టే.

తేలాక ఏం చేయాలి

అందంగా ప్రింట్ తీసుకోవడమే పనైతే, ఒకే మోడల్ ఫలితాన్ని ఫోటో అంతటికీ వాడకండి. రియల్-ఈఎస్ఆర్‌గాన్ లేయర్ కింద లాంక్‌జోస్ లేయర్ పెట్టి, చిన్న అక్షరాలు, దూరపు ముఖాలు, అనుమానం ఉన్న ఊచల దగ్గర పై లేయర్‌ని మాస్క్‌తో చెరిపేయండి. మాస్క్ అంచు మెత్తగా ఉండాలి, లేకపోతే అతుకు కనిపిస్తుంది. దూరపు ముఖం మసగ్గా ఉండడం ఫోటోలో సహజమే, ఎవరికీ వింతగా అనిపించదు.

ఫోటో నుంచి ఏదైనా తెలుసుకోవడం, ఎవరికైనా రుజువుగా చూపించడం పనైతే, అప్‌స్కేల్ చేసినదాన్ని పక్కన పెట్టి, చదవగలిగింది లాంక్‌జోస్ నుంచే చదవండి. 2024లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో కింగ్ కౌంటీ కోర్టు, ఒక హత్య కేసులో ఏఐతో మెరుగుపరిచిన వీడియోని సాక్ష్యంగా ఒప్పుకోలేదు. ఆ కోర్టు ముందున్న ప్రశ్న కూడా ఇదే, తెర మీద కనిపిస్తున్న పిక్సెళ్లు కెమెరా చూసినవా, సాఫ్ట్‌వేర్ చేర్చినవా అని.

ఆ ఫోటో ఏదైనా వీడియో నుంచి తీసిందైతే మాత్రం ఇంకో దారి ఉంది. చేతిలో కెమెరా కదులుతున్నప్పుడు వరస ఫ్రేముల్లో అదే అక్షరం పిక్సెల్ గడుల మీద కొద్దికొద్దిగా వేర్వేరు చోట్ల పడుతుంది, అంటే ఒక్కో ఫ్రేమ్ కొంత కొత్త సమాచారం తెస్తుంది. పది ఇరవై ఫ్రేముల్ని ముందు లాంక్‌జోస్‌తో పెద్దవి చేసి, ఒకదానిపై ఒకటి సరిగ్గా సర్ది సగటు తీస్తే, ఒక ఫ్రేములో లేని డీటెయిల్ నిజంగానే బయటికి వస్తుంది, ఎవరూ ఊహించి గీయకుండానే. దీనికి షరతులు ఉన్నాయి. వస్తువు కదలకూడదు, ఫ్రేముల మధ్య జరిగిన దూరం పిక్సెల్‌లో భిన్నాల్లో ఉండాలి, వీడియో కంప్రెషన్ మరీ గట్టిగా ఉండకూడదు. ట్రైపాడ్ మీద కదలకుండా ఉన్న కెమెరా అయితే నాయిస్ తగ్గుతుందే కానీ కొత్త డీటెయిల్ రాదు. 3 లేదా 8 దగ్గర ఆగిపోయిన తేదీకి ఇలాంటి ఫ్రేములు దొరికితే ఇంకోసారి ప్రయత్నించొచ్చు. దొరక్కపోతే ఫోటో కింద "చివరి అంకె 3 లేదా 8" అనే రాసి, అసలు చిన్న ఫైల్‌ని పెద్దదానితో పాటే, ఏ మోడల్ వాడారో ఫైల్ పేరులోనే ఉండేలా దాచండి.